పేరు పోయిన మాత్రల ముక్క: తరచూ అడిగే ప్రశ్నలు

మందుల షాపు కౌంటరు వెనక చాలా ఏళ్లు నిలబడ్డవాణ్ణి. నా దగ్గరికి ఎక్కువసార్లు వచ్చిన వస్తువు మందుల చీటీ కాదు, కత్తెరతో కోసిన రెండు బిళ్లల షీటు ముక్క. దాన్ని పమిట కొంగులోంచో, పాత కళ్లజోడు డబ్బాలోంచో తీసి "బాబూ, ఇదేం మందో చూసి చెప్పు" అంటారు. ముందు వైపు తిప్పితే బిళ్లలు, వెనక వైపు తిప్పితే సగం సగం అక్షరాలు. నన్ను పదేపదే అడిగిన ప్రశ్నలనే ఇక్కడ రాస్తున్నాను.

షీటు నిండా అన్ని అక్షరాలుంటే పేరు ఒక్కటే ఎలా పోతుంది?

అది అచ్చు వేసే తీరును బట్టి ఉంటుంది. కొన్ని కంపెనీలు వెనక రేకు మీద పేరును వరసగా మళ్లీ మళ్లీ అచ్చు వేస్తాయి. అలాంటి షీటును ఎక్కడ కోసినా పేరు ఎంతో కొంత మిగులుతుంది. మరికొన్ని పేరును షీటు మధ్యలో ఒక్కసారే పెద్దగా వేసి, చుట్టూ చిన్న అక్షరాలు పేరుస్తాయి. పది బిళ్లల షీటులో నాలుగు కోసి ఇచ్చేసరికి పేరు కత్తెరకు అటో ఇటో పడిపోతుంది.

ఎక్స్‌పైరీ తేదీదీ బ్యాచ్ నంబరుదీ వేరే కథ. అవి రేకుతోపాటు ముందుగా అచ్చయ్యేవి కావు. బిళ్లలు నింపి సీలు వేసేటప్పుడు ఆ బ్యాచ్‌కు తగ్గట్టు వేస్తారు, అదీ మామూలుగా షీటు ఒక చివర ఒక్కచోటే. అందుకే పేరు మిగిలిన ముక్కకు తేదీ ఉండదు, తేదీ మిగిలిన ముక్కకు పేరుండదు. రెండూ పోయిన నడిమి ముక్క ఇంటికి చేరిందంటే చిక్కే.

లేబులు మీద పేరు ఉండాలని చట్టం లేదా?

ఉంది. 1945 నాటి ఔషధ నిబంధనల్లో 96వ నిబంధన లేబులు మీద ఏమేం ఉండాలో చెబుతుంది: మందు పేరు, తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, తయారైన తేదీ, ఎక్స్‌పైరీ. ఈ బాధ్యత షీటు తయారుచేసే కంపెనీది. షీటు మొత్తం మీద ఇవన్నీ ఉంటే కంపెనీ పని అయిపోయినట్టే. కోసిన ప్రతి ముక్క మీదా ఇవి ఉండి తీరాలని ఆ నిబంధన అనదు. కత్తెర పడేది కంపెనీ గేటు దాటాక, షాపులో. నా లెక్కలో ఇది నిబంధనల్లో పెద్ద కంతే. ఒక్కో బిళ్లకు చిల్లుల గీత పెట్టి దేనికదే చింపుకునేలా, ఒక్కో గడి మీద పేరూ తేదీ ఉండేలా చేస్తే సరిపోతుంది. అలా వచ్చే షీట్లు లేకపోలేదు గానీ అందరూ చేయరు.

మిగిలిన సగం అక్షరాలతో మందు పేరు కనిపెట్టవచ్చా?

చాలాసార్లు మందు కుటుంబం తెలుస్తుంది, మందు తెలియదు. జనరిక్ పేర్లకు ఇంటిపేరు లాంటి తోక ఉంటుంది. చివర "సార్టాన్" అని ఉంటే అది బీపీ మందు. "స్టాటిన్" అయితే కొలెస్ట్రాల్‌ది. "ప్రజోల్" అంటే ఎక్కువగా గ్యాస్ బిళ్లే. ఇంతవరకు బాగానే ఉంది. కానీ మీ ముక్క మీద "...సార్టాన్ 40 మి.గ్రా." అని మాత్రమే మిగిలిందనుకోండి. టెల్మిసార్టాన్ 40 ఉంది, ఓల్మెసార్టాన్ 40 కూడా ఉంది. ఇంటిపేరు ఒకటే, మోతాదు అంకె ఒకటే, మనుషులు మాత్రం వేరు.

తోక బదులు తల మిగిలితే కాస్త నయం. "టెల్మి" అని ఉంటే అది టెల్మిసార్టానే అనుకోవచ్చు. అయినా ఆ పక్కన ఇంకో మందు కలిసి ఉందా లేదా అన్నది రెండో వరస చెబుతుంది. ఆ వరస కత్తెరకు అవతల పడి ఉండవచ్చు. ఇంకో చిక్కు, లవణం పేరు. "హైడ్రోక్లోరైడ్ ఐ.పి." అన్న మాట ఒక్కటే మిగిలితే దాంతో ఏమీ తేలదు, అది పదుల మందుల వెనక ఉంటుంది. "ఐ.పి." అంటే మందు భారత ఔషధ ప్రమాణ గ్రంథం ప్రకారం తయారైందని అర్థం. దాన్ని కంపెనీ పేరనుకుని ఇంటర్నెట్‌లో వెతికినవాళ్లను చూశాను.

ఒక ముక్కను మీరు ఎలా చదువుతారో చెప్పండి.

మా వీధి చివరి పిన్నిగారి ముక్కనే తీసుకుందాం. ఆవిడకు డెబ్బై దాటింది, షుగరు ఉంది. ముక్కలో రెండు బిళ్లలు. ముందు వైపు ప్లాస్టిక్కు కాబట్టి లోపల బిళ్ల కనిపిస్తోంది: ఒక సగం తెలుపు, ఇంకో సగం లేత ఆకుపచ్చ. అంటే రెండు పొరల బిళ్ల. వెనక రేకు మీద మొదటి వరసలో "...పిరైడ్ ఐ.పి." అని ఉంది, దాని పక్కన అంకె ఉండాల్సిన చోటే కత్తెర పడింది. రెండో వరసలో "...ఫార్మిన్ హైడ్రోక్లోరైడ్ ఐ.పి. 500 మి.గ్రా.", కింద చిన్న అక్షరాల్లో సస్టెయిన్డ్ రిలీజ్ అన్న మాట. మూడో వరస ఉందో లేదో తెలియదు, అక్కడికి ముక్క అయిపోయింది.

"షుగరు బిళ్లేగా, వేసేసుకోనా?" అన్నారావిడ.

"షుగరు బిళ్లే పిన్నిగారూ, ఏ షుగరు బిళ్లో తేలాలి" అన్నాను.

రెండు వరసలనూ కలిపితే గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ జోడీ అని తెలుస్తుంది. మెట్‌ఫార్మిన్ నెమ్మదిగా విడుదలయ్యే రకం కాబట్టి రెండు పొరల బిళ్ల కావడం సహజమే. ఇక్కడితో పని అయిపోయిందనిపిస్తుంది, కాలేదు. ఈ జోడీలో గ్లిమిపిరైడ్ 1 మి.గ్రా. ఉన్న బిళ్లా దొరుకుతుంది, 2 మి.గ్రా. ఉన్నదీ దొరుకుతుంది. ఈ రెంటికీ తోడు వోగ్లిబోస్ అనే మూడో మందు కలిపినవి కూడా ఉన్నాయి. కాబట్టి ఆ ముక్క కనీసం నాలుగు రకాల బిళ్లల్లో ఏదైనా కావచ్చు. గ్లిమిపిరైడ్ ఒంట్లోంచి ఇన్సులిన్‌ను బలవంతంగా రాబట్టే మందు. ఒకటికి రెండు పడితే, అందులోనూ పెద్దవయసులో సరిగా తినని రోజున, షుగరు బాగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్ల ముందు చీకట్లు.

ముక్కను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగుకు ఏటవాలుగా పట్టుకుని చూశాను. సీలు అంచున సిరా లేకుండా ఒత్తిన అక్షరాలు నేరుగా చూస్తే కనబడవు, పక్కనుంచి వెలుగు పడితే తేలుతాయి. బ్యాచ్ నంబరు మొత్తం దొరికింది. ఎక్స్‌పైరీలో నెల ఉంది, సంవత్సరం లేదు.

తర్వాత షాపు కంప్యూటర్లో ఆవిడ ఫోను నంబరు కొట్టి పాత బిల్లులు తీయించాను. మూడు నెలల్లో రెండు రకాల బిళ్లలు కొన్నారు. మొదట 2 మి.గ్రా. రకం. తర్వాత కళ్లు తిరుగుతున్నాయని డాక్టరు దగ్గరికి వెళితే ఆయన 1 మి.గ్రా.కు తగ్గించారట. బ్యాచ్ నంబర్లు పోల్చాం. ముక్క మీది నంబరు పాత బిల్లుతో, అంటే 2 మి.గ్రా.తో కలిసింది. డాక్టరు మానిపించిన బిళ్లనే ఆవిడ అయిపోయిందనుకున్న కొత్త మందు స్థానంలో వేసుకోబోయారు. ముక్కను పక్కన పెట్టించి, 1 మి.గ్రా. కొత్త షీటు ఇప్పించాం.

ఇందులో అక్షరాలు చదవడం సగం పని. పట్టిచ్చింది బ్యాచ్ నంబరూ బిల్లూ కలిసి.

బ్యాచ్ నంబరు ఉంటే ఎక్కడైనా వెతికి పేరు తెలుసుకోవచ్చా?

దేశం మొత్తానికి కలిపి నంబర్లిచ్చే పద్ధతి లేదు. ప్రతి కంపెనీ తన బ్యాచ్‌లకు తనే నంబరు వేసుకుంటుంది. ఒకే నంబరు రెండు కంపెనీల మందుల మీద ఉన్నా ఆశ్చర్యం లేదు. అందుకే నంబరు ఒక్కటే చాలదు, దాని పక్కన కంపెనీ పేరు కూడా మిగలాలి. రెండూ ఉంటే కంపెనీకి ఫోను చేసి అడగవచ్చు. తయారీ రికార్డులు బ్యాచ్ నంబరు కిందే ఉంటాయి కాబట్టి అదేం మందో వాళ్లు చెప్పగలరు.

ఒక జాగ్రత్త ఉంది. లేబులు మీద రెండు కంపెనీల పేర్లుండవచ్చు, తయారుచేసినవాళ్లది ఒకటి, మార్కెట్లో అమ్మేవాళ్లది ఒకటి. హిమాచల్‌లోని బద్ది లాంటి చోట్ల ఒకే ఫ్యాక్టరీ చాలామందికి బిళ్లలు తయారుచేసి ఇస్తుంది. తయారీదారు చిరునామా మాత్రమే మిగిలితే అది ఊరి పేరు చెప్పి ఇల్లు వెతకమన్నట్టు ఉంటుంది. తయారీ లైసెన్సు నంబరూ అంతే, అది ఫ్యాక్టరీని చూపిస్తుంది గానీ బిళ్లను చూపించదు.

ఎర్ర గీత ఉంటే యాంటీబయాటిక్కే కదా?

కాదు. చాలామంది ఇలాగే అనుకుంటున్నారు. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ఎర్ర గీత ఉన్న మందులు డాక్టరు చెప్పకుండా వాడొద్దని ప్రచారం చేసినప్పుడు యాంటీబయాటిక్స్‌ గురించే గట్టిగా చెప్పింది, అది జనం మనసులో అలా నిలిచిపోయింది. నిజానికి ఎడమ పక్కన నిలువుగా ఉండే ఆ గీత చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన మందులకు గుర్తు. బీపీ బిళ్లకూ ఉంటుంది, మూర్ఛ బిళ్లకూ ఉంటుంది.

ఆర్ఎక్స్ అన్న గుర్తు ఎర్ర రంగులో ఉండి, పక్కన ఎర్ర అంచు పెట్టెలో హెచ్చరిక కూడా ఉంటే అది షెడ్యూల్ హెచ్1 మందు. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న ఈ జాబితాలో క్షయ మందులు, కొన్ని యాంటీబయాటిక్స్, కొన్ని నిద్రకూ ఆందోళనకూ ఇచ్చే మందులు ఉన్నాయి. దీన్నిబట్టి పేరు తేలదు. కానీ ఒక దారి దొరుకుతుంది. హెచ్1 మందు అమ్మితే షాపు వేరే రిజిస్టరులో చీటీ రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చారో రాసి మూడేళ్లు దాచాలి. మీరు ఏ షాపులో కొన్నారో గుర్తుంటే మీ పేరు మీద ఆ రిజిస్టరులో వరస ఉండాలి. వెళ్లి అడగండి.

క్యూఆర్ కోడు కోసిన ముక్క మీద పనిచేస్తుందా?

2023 ఆగస్టు నుంచి షెడ్యూల్ హెచ్2లోని 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడు తప్పనిసరి. స్కాన్ చేస్తే జనరిక్ పేరు, బ్రాండు పేరు, తయారీదారు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ఎక్స్‌పైరీ, లైసెన్సు నంబరు అన్నీ రావాలి. వెలితి రెండు చోట్ల ఉంది. షీటు మీద చోటు చాలకపోతే కోడును బయటి పెట్టె మీద వేసుకోవచ్చు. విడిగా కొనేవాడికి పెట్టె రాదు. రెండోది కత్తెర. క్యూఆర్ కోడులో కొంత చెరిగినా చదవగలిగే ఏర్పాటు ఉంటుంది, గీతలు పడ్డా సిరా మసకైనా ఫర్వాలేదు. కానీ మూడు మూలల్లో ఉండే పెద్ద చదరాల్లో ఒకటి కత్తెరకు పోతే ఫోనుకు కోడు ఎక్కడుందో కూడా తెలియదు. చదరాలు మూడూ ఉండి ఒక అంచు మాత్రమే పోయిందా, ఒకసారి స్కాన్ చేసి చూడండి.

బిళ్ల రంగు, ఆకారం చూసి చెప్పలేరా? అమెరికాలో మా అమ్మాయి అలాగే చేస్తుంది.

అమెరికాలో అది కుదురుతుంది. అక్కడ బిళ్ల మీదే గుర్తు, అంటే అక్షరాలో అంకెలో, ఒత్తి ఉండాలని నియమం. ఆ గుర్తును వెబ్‌సైట్లో కొడితే మందు వస్తుంది. మన బిళ్లలకు అలాంటి నియమం లేదు. ఎక్కువ బిళ్లలు నున్నగానో, మధ్యలో ఒక గీతతోనో ఉంటాయి. కొన్ని కంపెనీలు తమ గుర్తు వేస్తాయి గానీ దానికి అందరూ వెతుక్కునే జాబితా లేదు. అందుకే ఇక్కడి ముక్కలను సూట్‌కేసులో వేసుకుని వెళ్లిన అమ్మానాన్నల మందులను అక్కడి సైటులో వెతికితే చాలాసార్లు ఏదీ రాదు. ఇంకా ప్రమాదం, కొన్నిసార్లు పోలిక ఉన్న వేరే మందు వస్తుంది. వెళ్లేవాళ్లు చీటీ, బిల్లు ఫొటో, కోయని షీట్లు పట్టుకెళ్లడమే మేలు.

రంగు మాటకొస్తే నాకు ఎప్పుడూ భయం వేసే జోడీ ఒకటుంది. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒకరోజే వేసుకోవాల్సిన మందు. దానికి తోడుగా ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. రెండూ చిన్న పసుపు బిళ్లలుగా దొరుకుతాయి. పేరు పోయిన ముక్కలో పసుపు బిళ్లలుంటే, ఆ ఇంట్లో మెథోట్రెక్సేట్ వాడేవాళ్లుంటే, రంగును నమ్మి రోజూ వేసుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. రంగు ఒక పనికి మాత్రం వస్తుంది. చీటీలో ఉన్న మందు కొత్త షీటు పక్కన పెట్టి చూస్తే "ఇది అది కాదు" అని చెప్పవచ్చు. "ఇది అదే" అని చెప్పలేం.

ముక్కలు కొనేటప్పుడు షాపు దగ్గర నాకున్న హక్కులేమిటి?

ముందు ధర. 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం షీటు విడగొట్టి అమ్మినా ఒక్కో బిళ్లకు షీటు ధరలో పడే వాటాకు మించి తీసుకోకూడదు. పది బిళ్లల షీటు గరిష్ట ధర 80 రూపాయలైతే నాలుగు బిళ్లలకు 32 రూపాయలే.

తర్వాత బిల్లు. బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది. నాలుగు బిళ్లలకు బిల్లెందుకండీ అనే షాపులుంటాయి. నాలుగు బిళ్లలకే ఎక్కువ అవసరం, షీటు నిండా ఉంటే పేరు దాని మీదే ఉంటుంది. బిల్లు మీద మందు పేరు, ఎన్ని బిళ్లలో చూసుకోండి, బ్యాచ్, ఎక్స్‌పైరీ గడులు ఖాళీగా ఉంటే నింపి ఇమ్మనండి. షాపు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు.

పేరున్న వైపు నుంచే కోసి ఇమ్మని అడగవచ్చు. ఇవ్వాలని రూలు చూపించలేను గానీ అడిగితే చాలామంది ఇస్తారు. ఇద్దరు కొనేవాళ్లలో ఒకరికి పేరు, ఒకరికి తేదీ వచ్చే షీట్లుంటాయి కదా, అప్పుడు పేరున్న ముక్కే తీసుకుని, తేదీ బిల్లు మీద రాయించుకోండి. ఎక్స్‌పైరీ నెల, సంవత్సరం మాత్రమే రాసి ఉంటే ఆ నెల చివరి రోజు వరకు అని అర్థం.

ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చిన ముక్క అయితే?

ఇది కాస్త తేలిక. ప్రభుత్వ సరఫరా షీట్ల మీద అమ్మకానికి కాదన్న ముద్ర ఉంటుంది. ఆ ముద్ర ముక్క మీద మిగిలితే బజారు మందులన్నీ పక్కకు పోతాయి. ఏ పీహెచ్‌సీలో ఇచ్చారో ఆ ఫార్మసిస్టు దగ్గరికే ఓపీ చీటీతో సహా వెళ్లండి. అక్కడ షుగరుకు ఉండే రకాలే కొన్ని. పక్కన కొత్త షీటు పెట్టి అచ్చు పోలిస్తే నిమిషంలో తేలుతుంది.

పిల్లాడు ముక్కలోని బిళ్ల మింగేశాడు. ఏ మందో తెలియదు. అప్పుడు?

ఇక్కడ నేను పైన చెప్పిన జాగ్రత్తంతా తలకిందులవుతుంది. వేసుకోవడానికైతే సగం తెలిసిన మందు తెలియనట్టే లెక్క. డాక్టరుకు చెప్పడానికైతే సగం తెలిసినా బంగారమే. "...పిరైడ్" అని చూపిస్తే చాలు, అది గ్లిమిపిరైడ్ కావచ్చని డాక్టరు వెంటనే షుగరు పరీక్ష చేస్తారు, 1 మి.గ్రా.నా 2 మి.గ్రా.నా అని ఆగరు. ఈ మందు ఒక్క బిళ్ల మింగినా పిల్లలకు షుగరు పడిపోవచ్చు, అదీ వెంటనే కాకుండా కొన్ని గంటల తర్వాత. పిల్లాడు ఆడుకుంటూ ఉన్నాడు కదా అని ఇంట్లో కూర్చోకండి.

108కి ఫోను చేయండి. ముక్కను, ఖాళీ గడులతో సహా, కవరులో వేసి పట్టుకెళ్లండి. ఎన్ని గడులు ఖాళీయో, నిన్నటికి ఎన్ని ఉండేవో, ఎన్నింటికి మింగి ఉంటాడో చెప్పండి. వాంతి చేయించడానికి వేళ్లు పెట్టకండి, ఉప్పునీళ్లు తాగించకండి. ఇంట్లో వాడే మందులన్నిటి చీటీలూ తీసుకెళితే ఆ ముక్క ఏ చీటీలోదో వాళ్లే పట్టుకుంటారు.

ల్యాబుకు పంపి తెలుసుకోవచ్చా?

1940 ఔషధ, సౌందర్య సాధనాల చట్టం 26వ సెక్షను కింద మందు కొన్నవారు ఫీజు కట్టి ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు. కానీ అది "ఈ పేరున్న మందులో చెప్పినంత మందు ఉందా" అని తేల్చే పరీక్ష. దానికి పేరు ముందే తెలియాలి, ఒకటి రెండు బిళ్లలు సరిపోవు. రెండు బిళ్లల ముక్క కోసం ఆ దారి పట్టొద్దు.

అయితే పేరు తేలని ముక్కను ఏం చేయమంటారు?

చీటీ, బిల్లు, షాపు, కంపెనీ నాలుగూ చూశాక కూడా మందు పేరు, మోతాదు, తేదీ మూడింట్లో ఏ ఒక్కటి తేలకపోయినా వేసుకోకండి. అలాగని మళ్లీ కళ్లజోడు డబ్బాలో పెట్టకండి. బిళ్లలను రేకులోంచి తీసి, వాడేసిన టీపొడిలోనో మట్టిలోనో కలిపి, మూటకట్టి చెత్తలో వేయండి. పేరు తేలినా డాక్టరు మానిపించిందే కాబట్టి పిన్నిగారి ముక్కనూ అలాగే పారేశాం. వంటింట్లోంచి టీపొడి తెస్తూ ఆవిడ అడిగారు, "ఆ డబ్బాలో ఇంకో మూడున్నాయి, తీసుకురానా?"